దసరా నుంచి శ్రీరామనవమి దాకా నాలుగు డేట్లు: ఒక పీసీఓఎస్ కేసు

జూన్‌లో ఒక సాయంత్రం ఆమదాలవలస వైపు పల్లె నుంచి 26 ఏళ్ల అమ్మాయి అత్తగారితో కలిసి శ్రీకాకుళంలో నా దగ్గరికి వచ్చింది. చేతిలో బట్టల షాపు కవరు. అందులో మూడు స్కానింగ్ రిపోర్టులు, రక్తపరీక్ష కాగితాలు, సగం వాడిన మాత్రల షీటు. కూర్చోగానే అత్తగారు మొదలుపెట్టారు. "మా కోడలికి బుడగలున్నాయంట మేడమ్. పెళ్లయి మూడేళ్లయింది. గుడ్డు అసలు రాదని చెప్పీసినారు." ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. మాట్లాడబోయినప్పుడల్లా చేయి గడ్డం మీదికి వెళ్లిపోతోంది.

దంపతులిద్దరూ ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

"డేట్ సరిగ్గా వస్తోందా అమ్మా?" అని అడిగితే "నెలనెలా వస్తోంది మేడమ్" అంది. ఈ జవాబు దగ్గర ఆగి ఇంకాస్త అడగకపోతే కేసు తప్పుదారి పడుతుంది. కవరులో ఉన్న మాత్రలు మెడ్రాక్సీప్రొజెస్టరాన్. 14 నెలలుగా ప్రతి నెలా పది రోజులు వేసుకుంటోంది. ఆపిన మూడు నాలుగు రోజులకు రక్తస్రావం అవుతుంది. అది మాత్ర తెప్పించిన డేట్. గర్భాశయం లోపలి పొర ఊడి పడిందని అది చెబుతుంది, అండం విడుదలైందని కాదు. గర్భాశయం పొరను కాపాడటానికి ఆ మాత్ర మంచిదే. కానీ పిల్లల కోసం ఎదురుచూస్తున్న అమ్మాయికి అదొక్కటే ఇచ్చి, డేట్ వస్తోంది కాబట్టి వైద్యం పనిచేస్తోందని అనుకుంటే ఏళ్లు గడిచిపోతాయి. ఈమెకు 14 నెలలు అలాగే పోయాయి.

కాబట్టి మాత్రలు మొదలుపెట్టకముందు డేట్లు ఎలా ఉండేవో తెలియాలి. తేదీలు ఎవరికీ గుర్తుండవు. మన దగ్గర డేట్ ఉన్నప్పుడు గుడికి వెళ్లరు, దీపం పెట్టరు. అందుకే ఏ పండక్కి దూరంగా కూర్చోవలసి వచ్చిందో మాత్రం ప్రతి ఆడపిల్లకూ గుర్తుంటుంది. నేను ఎప్పుడూ అలాగే అడుగుతాను. ఆమె ఆలోచించి చెప్పింది. మాత్రల ముందు ఏడాది దసరా రోజున డేట్ వచ్చింది. కార్తీక పౌర్ణమికి హాయిగా దీపాలు పెట్టుకుంది. పోలి పాడ్యమి తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు వదలడానికి చెరువుకి బయల్దేరబోతే అప్పుడు వచ్చింది. సంక్రాంతికి రాలేదు. రథసప్తమికి అరసవల్లి వెళ్దామని అంతా సర్దుకున్నాక ఆ పొద్దుటే వచ్చింది. తర్వాత మళ్లీ శ్రీరామనవమి నాడు.

తిథులున్న క్యాలెండర్ తీసి ఇద్దరం లెక్కపెట్టాం. దసరా నుంచి పోలి పాడ్యమికి దాదాపు 50 రోజులు. అక్కడి నుంచి రథసప్తమికి 65. ఆపైన నవమికి 61. మొదటి డేట్ వచ్చి మూడేళ్లు దాటిన ఆడవాళ్లలో రెండు డేట్ల మధ్య 35 రోజులు దాటినా, 21 కంటే తగ్గినా, ఏడాదికి ఎనిమిది కంటే తక్కువ వచ్చినా దాన్ని క్రమం తప్పడం అంటాం. ఈమెకు ఏడాదికి ఆరు. అండం సరిగా ఎదగక డేట్లు ఆలస్యమయ్యే హార్మోన్ జబ్బే పీసీఓఎస్. దాని నిర్ధారణకు కావలసిన మొదటి ఆధారం ఒక్క రూపాయి ఖర్చు లేకుండా పండగల లెక్కలో దొరికింది.

రెండో ఆధారం గడ్డం దగ్గర ఉంది. లైటు వేసి చూస్తే గడ్డం కింద, దవడ అంచున చర్మంలో నల్లటి చుక్కలు. వారానికి రెండుసార్లు ప్లక్కర్‌తో పీకేసి పైన పసుపు రాసుకుంటోంది. ఈ సంగతి అత్తగారికి కూడా తెలియదు. ఆమెను కాసేపు బయట కూర్చోబెట్టాకే అమ్మాయి చెప్పింది. పొట్ట మీద, పై పెదవి మీద కూడా వెంట్రుకలున్నాయి. ఒంటి మీద తొమ్మిది చోట్ల వెంట్రుకలకు మార్కులు వేసి కూడే పద్ధతి ఒకటుంది. మొత్తం 4 నుంచి 6 దాటితే మగ హార్మోన్ ప్రభావం ఉందని అనుకుంటాం. ఆమెకు 9 వచ్చింది. ఇది పెళ్లికి ముందు నుంచి మెల్లగా పెరుగుతూ వస్తోంది. కొద్ది నెలల్లోనే గొంతు బొంగురుపోవడం, జుట్టు బాగా రాలిపోవడం లాంటివి వచ్చి ఉంటే అండాశయంలోనో అడ్రినల్ గ్రంథిలోనో గడ్డ ఉందేమోనని వెంటనే వెతకాలి. ఈమెకు అలాంటివి లేవు.

పీసీఓఎస్ అనడానికి మూడు లక్షణాల్లో రెండు ఉంటే చాలు. డేట్లు క్రమం తప్పడం ఒకటి. మగ హార్మోన్ ఎక్కువని ఒంటి మీదో రక్తంలోనో కనిపించడం రెండోది. స్కానింగ్‌లో అండాశయాల తీరు మూడోది. 2003లో రోటర్‌డామ్‌లో కుదిరిన ఈ నియమాన్నే కాస్త సవరించి ఇప్పటికీ వాడుతున్నాం. మొదటి రెండూ ఉంటే స్కానింగ్ లేకుండానే నిర్ధారించవచ్చు. మన ఊళ్లలో జరిగేది దీనికి తలకిందులు. ముందు స్కానింగ్ తీస్తారు, "బుడగలు" అన్న మాట వినపడుతుంది, ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలవుతుంది.

ఆ బుడగల గురించి అత్తగారిని లోపలికి పిలిచి ఇద్దరికీ కలిపి చెప్పాను. అవి జబ్బు గడ్డలు కావు. అండం పెరిగే చిన్న సంచులు, వాటినే ఫాలికల్స్ అంటాం. మామూలుగా నెలకు కొన్ని పెరగడం మొదలుపెడితే అందులో ఒకటి ముందుకు వెళ్లి పగిలి అండం విడుదలవుతుంది. ఈ జబ్బులో చాలావరకు కొద్ది మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయి అలా పోగవుతాయి. అందుకే "బుడగలు పోయాయా" అని నెలనెలా స్కానింగ్ తీయించడం దండగ. మూడు రిపోర్టులూ ఒకే మాట చెప్పాయి. నాలుగోది నేను తీయించలేదు.

అవి ఎందుకు ఆగిపోతాయన్నదానికి సూచన ఆమె మెడ వెనక ఉంది. చర్మం నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా ఉంది. మురికి అనుకుని అత్తగారు పాపం ప్రతి ఆదివారం సున్నిపిండితో రుద్దుతున్నారట. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నప్పుడు చర్మం అలా అవుతుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే శరీరం ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. ఆ ఎక్కువ ఇన్సులిన్ అండాశయం చేత మగ హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేయిస్తుంది, ఆ హార్మోన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్‌ను కాలేయంలో తగ్గిస్తుంది. దాంతో ఫాలికల్ మధ్యలోనే నిలిచిపోతుంది, గడ్డం మీద వెంట్రుక మొలుస్తుంది. గడ్డానికీ మెడకూ డేట్లకూ వెనక ఉన్నది ఈ ఒక్క గొలుసే.

ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 64 కిలోలు, నడుము చుట్టుకొలత 88. బీఎంఐ 27. మన దేశంలో 25 దాటితే ఊబకాయం కిందే లెక్క, ఆడవాళ్లకు నడుము 80 దాటకూడదు. చూడ్డానికి ఆమె లావుగా ఏమీ అనిపించదు.

ఇదే తీరుగా కనిపించే వేరే జబ్బులు లేవని తేల్చుకోవాలి. ముందుగా మూత్రంతో గర్భ పరీక్ష చేశాం. తర్వాత థైరాయిడ్, ప్రొలాక్టిన్, అడ్రినల్ లోపాన్ని పట్టే 17 హైడ్రాక్సీప్రొజెస్టరాన్. అన్నీ మామూలుగానే ఉన్నాయి. అసలు విషయం షుగర్ పరీక్షలో బయటపడింది. పరగడుపున 94. అక్కడితో ఆపితే ఏమీ లేదనుకుంటాం. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూస్తే 158. అది 140 లోపు ఉండాలి, 200కి చేరితే షుగర్ జబ్బు. ఈమె మధ్యలో ఉంది. పీసీఓఎస్ అమ్మాయిలకు పరగడుపు పరీక్ష ఒక్కటే చేసి పంపించకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక "గుడ్డు అసలు రాదు" అన్న మాట. అది ఎక్కడ పుట్టిందో కవరులో దొరికింది. ఒకసారి 21వ రోజున ప్రొజెస్టరాన్ పరీక్ష చేశారు, 0.6 వచ్చింది. 3 దాటితే అండం విడుదలైనట్టు కాబట్టి కాలేదని రాశారు. ఆ 21వ రోజు లెక్క 28 రోజులకోసారి డేట్ వచ్చే వాళ్లది. అండం విడుదలయ్యాక తర్వాతి డేట్‌కి సుమారు రెండు వారాలు పడుతుంది. ఆ వ్యవధి పెద్దగా మారదు, మారేది దాని ముందు భాగమే. ప్రొజెస్టరాన్ బాగా పెరిగేది డేట్‌కి వారం ముందు. 60 రోజులకోసారి వచ్చే అమ్మాయికి అది 53వ రోజు ప్రాంతం. ఇలాంటి వాళ్లలో 21వ రోజున రక్తం తీస్తే ఎవరికైనా తక్కువే వస్తుంది. పరీక్ష జరిగిన తీరు తప్పు కాదు, రోజు తప్పు. దీనికి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది. సహజ ప్రొజెస్టరాన్ మాత్రలు వేసుకుంటున్న వాళ్లకు ఈ పరీక్ష చేస్తే ఆ మందే రక్తంలో కనిపించి అండం విడుదలైనట్టు భ్రమ కలుగుతుంది.

ఇంత ఆలస్యంగా డేట్లు వచ్చే వాళ్లకు అండం సరిగా రావట్లేదని చెప్పడానికి మామూలుగా ఏ పరీక్షా అక్కర్లేదు, క్యాలెండర్ చాలు. అందరికీ నేను చేయించను. ఈమెకు మాత్రం చేయించాను. తనకు ఎప్పటికీ అండం రాదని ఆ అమ్మాయి పూర్తిగా నమ్మేసింది, ఇంట్లో ఆ మాట మీదే గొడవలు అవుతున్నాయి. నెలనెలా వేసుకునే మాత్ర ఆపించి 28, 35, 42వ రోజుల్లో రక్తం తీయించాం. మొదటి రెండుసార్లూ 1 లోపే. 42వ రోజున 6.2. ఐదు రోజులకు, 47వ రోజున డేట్ దానంతట అదే వచ్చింది. అంటే అండం విడుదలవుతోంది. ఆలస్యంగా, ఎప్పుడో తెలియకుండా అవుతోంది. ఆ రిపోర్టు చదివి చెప్తుంటే ఆమె "అయితే నాకు వస్తుందా మేడమ్" అని రెండుసార్లు అడిగింది.

ఇక్కడే అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడిగాను. భర్త ఎక్కడుంటాడు? విశాఖలో గాజువాక దగ్గర పని. రెండు వారాలకోసారి శనివారం రాత్రి వచ్చి సోమవారం పొద్దున్నే బయల్దేరతాడు. గర్భం రావడానికి వీలున్నది అండం విడుదలైన రోజు, దానికి ముందు ఐదు రోజులు మాత్రమే. ఏడాదికి ఆరుసార్లు విడుదలైతే, ఆయన రాకతో కలిసేది అందులో సుమారు సగమే. పైగా ఆయనకు వీర్య పరీక్ష ఎవరూ చేయించలేదు. మూడేళ్లుగా పరీక్షలన్నీ అమ్మాయికే. తర్వాతి శనివారం ఆయన్ని రమ్మని పరీక్ష చేయించాం. బాగానే ఉంది.

వైద్యం ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది ఆమెకు ఇప్పుడు ఏం కావాలన్నది. ఇదే అమ్మాయి పెళ్లికాక ముందు వచ్చి ఉంటే, లేదా పిల్లలు ఇప్పుడే వద్దని ఉంటే, రక్తపోటు, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్, రక్తం గడ్డకట్టిన చరిత్ర లేవని చూసుకుని రెండు హార్మోన్లు కలిసిన గర్భనిరోధక మాత్ర ఇచ్చేదాన్ని. డేట్‌నూ గడ్డాన్నీ రెంటినీ అది చూసుకుంటుంది. గడ్డానికి స్పైరనోలాక్టోన్ కూడా కలపొచ్చు. కానీ పిల్లలు కావాలనుకునే వాళ్లకు ఆ రెండూ పనికిరావు. ఒకటి గర్భాన్ని ఆపుతుంది, రెండోది కడుపులో మగబిడ్డ ఉంటే ఎదుగుదలను దెబ్బతీయవచ్చు.

వయసు 26 కాబట్టి మూడు నాలుగు నెలలు ఆగే వీలుంది. రెండు గంటల షుగర్ ఎక్కువ, కాబట్టి ఆ సమయం వృథా కాదు. ముందు బరువు, నడక, ఇన్సులిన్ బాగా పనిచేయడానికి మెట్‌ఫార్మిన్, ఫోలిక్ యాసిడ్. తర్వాత అండం విడుదలకు మందు. 35 దాటిన వాళ్లయితే ఇంత ఆగేదాన్ని కాదు.

లక్ష్యం ఐదు శాతం బరువు, అంటే 64లో 3 కిలోల పైచిలుకు. అంతకంటే పెద్ద అంకె చెప్తే ఎవరూ మొదలుపెట్టరు. ఆమె తిండి అడిగాను. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. మధ్యలో మూడు టీలు, పంచదారతో. టైలరింగ్ కాబట్టి రోజుకు ఏడెనిమిది గంటలు మిషన్ ముందే. అన్నం మానేయమని చెప్పలేదు, మానేసిన వాళ్లు నెల తిరక్కుండా మళ్లీ మొదలుపెట్టడం చూశాను. గరిటె లెక్క పెట్టాం. మూడు గరిటెల చోట ఒకటిన్నర, ఖాళీ అయిన చోట కూర, ఉలవలు, గుడ్డు, చేప. పొద్దున చద్దన్నం బదులు ఒక గుడ్డు, ఉడికించిన పెసలు. చోడంబలి మంచిదని చెంబుడు తాగుతున్నానని అంది. చోడుల్లో, అంటే రాగుల్లో, ఉన్నదీ పిండిపదార్థమే, మెత్తగా కాచి జావ చేస్తే షుగర్‌ని తొందరగా పెంచుతుంది. చెంబు గ్లాసు అయింది. టీలో పంచదార మానడమే ఆమెకు అన్నిటికంటే కష్టమైంది.

నడక దగ్గర ఇంకో చిక్కు. ఊళ్లో కోడలు పిల్ల ఒంటరిగా ఊరికే నడుస్తుంటే అడిగేవాళ్లు ఎక్కువ. అత్తగారే "నాను వస్తాను మేడమ్, నాకూ మోకాళ్లు పట్టేస్తన్నాయి" అన్నారు. సాయంత్రం ఎండ తగ్గాక చెరువు గట్టు మీద ఇద్దరూ 40 నిమిషాలు, వారంలో ఐదు రోజులు. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం ఉండాలని చెప్పాను. మిషన్ దగ్గర గంటకోసారి లేచి కుర్చీ పట్టుకుని పది గుంజీలు.

మెట్‌ఫార్మిన్ వారంలోనే తప్పిపోయింది. 500 మాత్ర రాత్రి భోజనం మధ్యలో వేసుకోమంటే పొద్దున ఖాళీ కడుపున వేసుకుంది. మూడు రోజులు విరేచనాలు, ఆపేసి మానేసింది. ఫోన్ కూడా చేయలేదు. పదో రోజున వచ్చినప్పుడు మాత్రల షీటు చూపించమంటే బయటపడింది. షీటు చూడకుండా ఉంటే మందు పనిచేయలేదనుకునేదాన్ని. నెమ్మదిగా కరిగే రకానికి మార్చి, రాత్రి అన్నం తిన్న వెంటనే 500తో మొదలుపెట్టి, రెండు వారాలకోసారి పెంచుతూ 1500 దగ్గర ఆపాను. ఆ తర్వాత ఇబ్బంది రాలేదు.

47 తర్వాత డేట్లు 41, 38 రోజులకు వచ్చాయి. నాలుగు నెలల చివర బరువు 60.6, నడుము 84, రెండు గంటల షుగర్ 136. ఇందులో నడక వాటా ఎంత, మాత్ర వాటా ఎంత అని విడదీసి చెప్పలేను. ఆమె ఇష్టపడి కొనుక్కొచ్చిన ఇనోసిటాల్ పొడి డబ్బాను ఆపమన్నాను. దానికి ఆధారం బలంగా లేదు, నెలకు అయ్యే ఖర్చుతో ఇంటికి గుడ్లు వస్తాయి.

తర్వాత అండం విడుదలకు లెట్రోజోల్. మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా 2.5 మిల్లీగ్రాములు. మందు కాగితం చదివి భర్త కంగారుగా ఫోన్ చేశాడు, "మేడమ్, ఇది క్యాన్సర్ మందు అని ఉంది". అవును, రొమ్ము క్యాన్సర్‌కే ముందు వచ్చింది. కొన్నాళ్లు ఈస్ట్రోజన్‌ను తగ్గిస్తుంది. అది చూసి మెదడు ఫాలికల్‌ను పెంచే హార్మోన్‌ను ఎక్కువగా పంపుతుంది. ఐదు రోజుల మందు, అండం విడుదలయ్యే సమయానికి ఒంట్లోంచి చాలావరకు పోతుంది. మన దేశంలో 2011లో దీన్ని సంతానం కోసం వాడకుండా ఆపారు, 2017లో ఆ నిషేధం ఎత్తేశారు. 2014లో వచ్చిన 750 మంది అమెరికా అధ్యయనంలో పాత మందు క్లోమిఫెన్‌తో 19.1 శాతం మందికి బిడ్డ పుడితే దీనితో 27.5 శాతం మందికి పుట్టారు. ఇదంతా చెప్పి, కవలలు పుట్టే అవకాశం కొద్దిగా ఉందని కూడా చెప్పి సంతకం తీసుకున్నాను.

మొదటి నెల 11వ రోజు స్కానింగ్‌లో కుడివైపు ఒక్క ఫాలికల్ 13 మిల్లీమీటర్లు, 14వ రోజుకి 19. గర్భాశయం పొర 8. ఇప్పుడు స్కానింగ్ అవసరమే, ఎందుకంటే దాన్ని బట్టి చేసే పని ఉంది. భర్త 12 నుంచి 17వ రోజు దాకా సెలవు పెట్టుకుని వచ్చాడు. 22వ రోజు ప్రొజెస్టరాన్ 11 దాటింది. ఈసారి 22వ రోజుకి అర్థం ఉంది. అయినా 30వ రోజున డేట్ వచ్చింది. అత్తగారు "మోతాదు పెంచండి మేడమ్" అన్నారు. అండం విడుదలయ్యాక మోతాదు పెంచి లాభం లేదు. విడుదల కానప్పుడే 5కి, తర్వాత 7.5కి వెళ్తాం. అదే 2.5 కొనసాగించాను. మూడుసార్లు విడుదలై కూడా గర్భం రాకపోతే ట్యూబుల పరీక్ష చేద్దామని ముందే అనుకున్నాం.

మూడో నెలలో 33వ రోజుకీ డేట్ రాలేదు. పరీక్షలో రెండు గీతలు. ఏడో వారం స్కానింగ్‌లో ఒక్క బిడ్డ, గుండె చప్పుడు కనిపించింది. మెట్‌ఫార్మిన్ ఆపి, వెంటనే 75 గ్రాముల షుగర్ పరీక్ష చేయించాను, 128 వచ్చింది. పీసీఓఎస్ ఉన్న వాళ్లకు గర్భంలో షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి 24 వారాలకు మళ్లీ చేయాలి. ప్రస్తుతం 22వ వారం. చెరువు గట్టు మీద నడక ఆగలేదు, వేగం మాత్రం తగ్గించమన్నాను.

మొన్న వచ్చినప్పుడు అత్తగారు మందుల కౌంటర్ దగ్గర ఉండగా మెల్లగా అడిగింది, "మేడమ్, గడ్డం సంగతి ఎప్పుడు?" గర్భం ఉండగా దానికి మాత్రలు వద్దు, క్రీములు కూడా వద్దు. దారంతో తీయించుకోవచ్చు, పీకడం కంటే చర్మానికి అదే నయం. కాన్పయి పాలు మాన్పించాక డేట్లు మళ్లీ ఆలస్యం కావచ్చు. 90 రోజులు దాటితే నా దగ్గరికి రమ్మన్నాను. రెండో బిడ్డ ఇప్పుడే వద్దనుకుంటే గడ్డానికీ డేట్‌కీ కలిపి మాత్ర అప్పుడు మొదలుపెడదామని, అది పనిచేస్తోందో లేదో తెలియడానికి కనీసం ఆరు నెలలు పడుతుందని చెప్పాను. అత్తగారికి చెప్పమంటావా అని అడిగితే, "నేనే చెప్తాను మేడమ్" అంది.